పరువు కోసం పెట్టిన సంతకం

మా వారి ఉద్యోగం పోయింది. ఈ నాలుగు మాటలు పైకి అనడానికి మా ఇంట్లో మూడు నెలలు పట్టింది. అప్పటిదాకా మేం అన్నవన్నీ వేరే మాటలు. "మారుతున్నారు", "బ్రేక్ తీసుకున్నారు", "ఇంటి నుంచే చేస్తున్నారు". అన్నిటికంటే పెద్ద అబద్ధం మాత్రం కాగితం మీద ఉంది. "వ్యక్తిగత కారణాల వల్ల నేటి నుంచే రాజీనామా చేస్తున్నాను" అని. దాని కింద ఆయన సంతకం, ఆయన వెనక మా ఇంటిల్లిపాది ఒత్తిడి. నాది కూడా.

2023 ఆగస్టు 3, గురువారం. ఆయన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు. తొమ్మిదేళ్ళ నాలుగు నెలల సర్వీసు. చేతి కింద ఎవరూ లేరు, ఎవరి సెలవులూ ఆయన మంజూరు చేయరు. ఆ రోజు పదకొండింటికి హెచ్ఆర్ వాళ్ళు పిలిచి ఇరవై నిమిషాలు మాట్లాడారట. ప్రాజెక్టు పోయింది, మీకు రెండు దారులు అన్నారట. మీరే రాజీనామా చేస్తే రెండు నెలల బేసిక్, మంచి రిలీవింగ్ లెటరు ఇస్తాం. లేదంటే మేమే తీసేస్తాం, అప్పుడు రేపు ఇంకో కంపెనీ వాళ్ళు వెరిఫికేషన్‌కి అడిగితే ఏం చెప్పాల్సి వస్తుందో మా చేతిలో ఉండదు. శుక్రవారం సాయంత్రంలోగా తేల్చండి.

ఆ రాత్రి మా మియాపూర్ ఫ్లాటులో సభ జరిగింది. తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న మావయ్యగారు రైల్వేలో చేసి రిటైరైన మనిషి. "తీసేశారు అనిపించుకోకురా, నువ్వే మానేసినట్టు ఉండాలి" అన్నారు. అత్తగారు నా వైపు తిరిగి, "అమ్మాయ్, పక్క ఫ్లాటు వాళ్ళకి తెలియనీయకు" అన్నారు. నేను పెళ్ళికి ముందు మూడేళ్ళు ఆడిటరు గారి ఆఫీసులో చేశాను. లెక్కలూ కాగితాలూ కొత్తేం కాదు. అయినా ఆ కాగితం ఒకసారి నాకూ చూపించండి అని అడగలేదు. "పోనీలెండి, మర్యాదగా బయటపడండి" అన్నాను. శుక్రవారం ఆయన సంతకం పెట్టి వచ్చారు.

ఆ మర్యాద ఖరీదు ఎంతో చెబుతాను.

అప్పుడు అమల్లో ఉన్నది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. సరిపడా సర్వీసున్న కార్మికుణ్ణి, అతని తప్పేమీ లేకుండా, పని లేదని తీసేయాలంటే ఆ చట్టం కొన్ని షరతులు పెట్టింది. ఒక నెల ముందు కారణంతో సహా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం కట్టాలి. దాని పైన, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. అందులోనూ ఈ నెల నోటీసు, పదిహేను రోజుల లెక్క అలాగే ఉన్నాయి.

మా వారి జీతం నెలకి 96,000. పదిహేను రోజులకి సుమారు 48,000, తొమ్మిదేళ్ళకి 4,32,000. నోటీసు నెల 96,000 కలిపితే 5,28,000. రాజీనామాకి వాళ్ళిచ్చింది రెండు నెలల బేసిక్, అంటే 80,000. గ్రాట్యుటీ 2,07,692 వచ్చింది గానీ అది వాళ్ళ దయ కాదు. అయిదేళ్ళు నిండినవాళ్ళకి రాజీనామా చేసినా, తీసేసినా రావలసిన డబ్బే. కానీ ఆ రోజు ఆ అంకెని కూడా కలిపి, "మొత్తం ఇంత ఇస్తున్నాం చూడండి" అని చూపించారు. మన బియ్యమే మనకి కొలిచి పెట్టి దానం చేశామన్నట్టు!

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆ చట్టం కింద కార్మికుడేనా అన్నది వాదన ఉన్న విషయమే. కాడని కంపెనీలు అంటాయి. నలుగురి మీద అజమాయిషీ చేసే మేనేజరుకి ఇది నిజంగానే వర్తించకపోవచ్చు. కార్డు మీద హోదా ఏమని ఉందన్నది కాదు, రోజూ చేసే పనేమిటన్నది చూస్తారు. కాబట్టి 5,28,000 మాకు తప్పకుండా వచ్చేదని అనను. అడిగే దారి ఉండేదని మాత్రం అంటాను. తనంతట తానే మానేసిన మనిషి విషయంలో ఆ వాదనే మొదలవదు. బలవంతంగా రాయించుకున్నారని నిరూపించే భారం మన నెత్తిన పడుతుంది. మా దగ్గర ఒక్క ఈమెయిలు కూడా లేదు. అన్నీ నోటి మాటలే.

రెండో దెబ్బ పదిహేను రోజులకి తగిలింది. ఇంటి లోను తీసుకున్న రోజు దానితో పాటు ఒక బీమా అంటగట్టారు. ఉద్యోగం పోతే మూడు వాయిదాలు వాళ్ళు కడతారని. మా వాయిదా 34,500. నేనే బీరువాలోంచి ఆ కాగితాలు తీసి, ధైర్యంగా క్లెయిము పెట్టించాను. జవాబు ఒక్క ముక్కలో వచ్చింది. స్వచ్ఛందంగా రాజీనామా చేసినవారికి వర్తించదు. పాలసీలో ఆ వాక్యం నాలుగో పేజీలో ఉంది. సంతకం పెట్టే ముందు రోజు రాత్రి ఆ బీరువా నా మంచం పక్కనే ఉంది.

మూడోది అత్తగారి కన్ను. శుక్లాల ఆపరేషను ఆగస్టు నెలాఖరుకి అనుకున్నాం, కంపెనీ ఆరోగ్య బీమా ఉంది కదా అని. ఆ బీమా ఉద్యోగంలో ఆఖరి రోజుతో ఆగిపోయింది. నోటీసు నెల తీసుకుని ఉంటే ఆ నెలంతా ఆయన ఉద్యోగే, ఆపరేషను అందులోనే అయిపోయేది. కనీసం బయటికి రాకముందే అడిగినా, అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే అవకాశం ఉండేదట. మేం అడగలేదు. కొత్తగా తీసుకుందామంటే శుక్లాలకి రెండేళ్ళు ఆగాలన్నారు. పక్కింటికి తెలియకూడదని పరువు కాపాడిన ఆవిడ, పాపం, మసక కంటితోనే దసరా దాకా గడిపారు. చివరికి చేతి డబ్బుతోనే చేయించాం.

ఆ వారాల్లో ఇల్లు ఎలా ఉండేదో మీకు తెలుసనుకుంటాను. ఆయన ఫోను మోగితే ముగ్గురం తలెత్తేవాళ్ళం. పాలవాడి దగ్గర లీటరు నుంచి ముప్పావుకి వచ్చాం. పిల్లాడి రెండో టర్ము ఫీజు గురించి స్కూలు నుంచి వచ్చిన మెసేజీ నేను చదివి, ఆయనకి చూపించకుండా ఊరుకునేదాన్ని. ఆయన కూడా చూసే ఉంటారు.

ఆగస్టు 25న వరలక్ష్మీ వ్రతం. మానేస్తే అనుమానం వస్తుందని చేశాం. పేరంటానికి తొమ్మిది మంది వచ్చారు. "మీ వారు ఇంట్లోనే ఉన్నట్టున్నారే?" అని ఒకావిడ అడిగితే, "వర్క్ ఫ్రం హోం అండీ" అన్నాను, తాంబూలం చేతిలో పెడుతూ. అందరూ వెళ్ళాక పక్క ఫ్లాటు ఆవిడ ఆగింది. నా మొహంలో ఏం కనిపించిందో గానీ, మెల్లిగా అంది, "మా ఆయన్నీ ఏప్రిల్లోనే తీసేశారండీ. మా అత్తయ్య ఎవరికీ చెప్పద్దన్నారు."

వాళ్ళకీ రెండు దారులు చూపించారట. వాళ్ళూ సంతకం పెట్టారట. వాళ్ళకీ ఇలాంటి బీమాయే తిరిగి వచ్చిందట. నాకు తెలియాల్సిన విషయాలన్నీ నాలుగు నెలలుగా గోడకి అవతల ఉన్నాయి. రెండు పరువులు మధ్యలో నిలబడి దాటనివ్వలేదు.

అందుకే ఇప్పుడు నా కోపం కంపెనీ మీద ఒక్కటే కాదు. వాళ్ళ లాభం వాళ్ళు చూసుకున్నారు. రాజీనామా అయితే పరిహారం లేదు, తగాదా లేదు, మనుషుల్ని తీసేశారన్న మాటా బయటికి రాదు. కానీ మనిషి చేత ఆ సంతకం పెట్టించడానికి వాళ్ళకి పెద్ద బెదిరింపు అక్కర్లేకపోయింది. మన ఇళ్ళే ఆ పని చేసి పెడతాయని వాళ్ళకి తెలుసు. తీసేశారంటే తప్పు చేశాడని అనుకునేది మనమే. పెళ్ళి సంబంధాల దగ్గర, పేరంటాల దగ్గర, "ఏం, ఏదైనా గొడవా?" అని కళ్ళు చిన్నవి చేసేది మనమే. దొంగతనం చేసి పోయిన ఉద్యోగానికీ, ప్రాజెక్టు పోయి పోయిన ఉద్యోగానికీ తేడా చట్టానికి తెలుసు, మనకి తెలియదు.

"వెరిఫికేషన్లో దెబ్బతింటే ఎలా?" అని మీరడగవచ్చు. ఆ భయం ఉత్తది అనను. తీసేసిన కాగితంలో ఏ కారణం రాస్తారన్నది ముఖ్యమే. పని లేక తీసేశామని రాయమని పట్టుబట్టాలి. ఆయన టీములోనే ఒకతను అదే చేశాడు. "మీరు చెప్పిన రెండు దారులూ ఈమెయిల్లో పెట్టండి, ఇంట్లో చదువుకుని చెబుతాను" అని ఒక్క లైను రాశాడు. ఈమెయిలు రాలేదు గానీ, వారం తర్వాత నోటీసు నెలా, దాని పైన ఇంకో మూడు నెలల జీతమూ ఇచ్చారు. అందరికీ అలా జరుగుతుందని కాదు. అతను కోర్టుకి పోలేదు, గొంతు పెంచలేదు. సంతకం పెట్టడం వారం ఆపాడంతే.

మా వారికి నవంబరులో వేరే ఉద్యోగం వచ్చింది, జీతం కాస్త తక్కువ. ఇంటర్వ్యూలో ఎందుకు మానేశారని అడిగారట. "మానలేదండీ, టీము మొత్తాన్ని తీసేశారు" అన్నారట ఈయన. వాళ్ళు తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారట. ఏ మాట బయటికి రాకూడదని మేం అన్ని లక్షలకి దారి మూసుకున్నామో, ఆ మాట వాళ్ళకి అర నిమిషం పని.

మీ ఇంట్లో ఆ రాత్రి వస్తే, ఎవరి పరువూ అడ్డు రానీయకండి. ఆ కాగితం మీ చేతికి ఇవ్వమనండి. బీరువాలో ఉన్న బీమా కాగితాలు పక్కన పెట్టుకుని చదవండి. "వ్యక్తిగత కారణాలు" అన్న మాట కనిపిస్తే, ఆ కారణాలేమిటో మీ వారిని అడగండి. ఆయన దగ్గర జవాబు ఉండదు. అప్పుడు పక్క ఫ్లాటు తలుపు కొట్టండి.