రెండో పిలుపు

మన శుభలేఖల్లో జవాబు కోరే అలవాటు లేదు. సకుటుంబ సపరివార సమేతంగా రమ్మని అచ్చు వేయిస్తాం, ఎందరొస్తారో కబురు చెయ్యమని మాత్రం రాయం. పల్లెల్లో ఆ పని రెండో పిలుపు చూసుకునేది. భోజనాల వేళకు ఎవరో ఒకరు ఇల్లిల్లూ తిరిగి, వంటలయ్యాయి, లేవండి అని చెప్పి వచ్చేవారు. నిలదీసినట్టు ఎవరికీ అనిపించేది కాదు.

ఇప్పుడు విందు క్యాటరింగ్ వాళ్ల చేతిలో ఉంది. ప్లేటుకింత అని లెక్క కట్టి, రెండు మూడు రోజుల ముందే సంఖ్య అడుగుతారు. 150 మందిని పిలిచిన షష్టిపూర్తికి 40 మంది నుంచి ఉలుకూ పలుకూ లేదనుకుందాం. ఆ 40 మంది మౌనం ఒక్కలాంటిది కాదు. మేనత్తగారింటి వాళ్లు చెప్పరు, తాము రావడం గురించి కూడా ఎవరైనా అడుగుతారని వాళ్లకు తోచదు కనుక. నాన్నగారి పాత ఆఫీసు స్నేహితుడు కూడా చెప్పడు. రాలేననడానికి ఆయనకు మొహమాటం. "ఇంకా ఏ సంగతీ చెప్పలేదు" అంటే మేనత్త నొచ్చుకుంటుంది. "రాకపోతే ఊరుకోం" అంటే ఆ స్నేహితుడు "చూద్దాం" అని తప్పుకుంటాడు. ఆ మాట లెక్కకు పనికిరాదు.

క్యాటరింగ్ వాళ్లు శుక్రవారం ఉదయం సంఖ్య కావాలన్నారనుకుందాం. అప్పుడు సోమవారమే ఇలా రాయొచ్చు: "బాబాయిగారూ, ఆదివారం నాన్నగారి షష్టిపూర్తి. పదిన్నరకు పూజ, పన్నెండున్నర నుంచి భోజనాలు. వంటవాళ్లకు శుక్రవారం ఉదయమే లెక్క చెప్పాలి, కాబట్టి గురువారం సాయంత్రానికి ఒక మాట చెప్పండి. మీ ఇంటి నుంచి ఎందరని రాసుకోమంటారు? ఈసారి వీలుపడకపోతే అదీ చెప్పండి, తర్వాత నాన్నగారిని తీసుకుని మేమే మీ ఇంటికి వస్తాం."

ఇందులో తొందర వంటవాళ్లది, పిలిచినవాళ్లది కాదు. వస్తున్నారా అని కాకుండా ఎందరని అడగడంతో, రావాలనుకున్నవాళ్లకు తమను శంకించినట్టు ఉండదు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది చివరి వాక్యం. కాదనడానికి గౌరవంగా దారి ఇచ్చేది అదే. నిజంగా వెళ్లే ఉద్దేశం ఉంటేనే అది రాయాలి.

ఈ కబురు వాట్సాప్ గ్రూపులో పెడితే ఎవరికివారు ఇది మనకు కాదులే అనుకుంటారు. ఎవరికి వారికి విడిగా పంపాలి. పెద్దవాళ్లకైతే ఇంట్లో పెద్దవాళ్లే ఫోన్ చెయ్యాలి, ముందు వాళ్ల ఆరోగ్యం కనుక్కుని, ఆ తర్వాతే ఈ విషయం ఎత్తాలి.

గురువారం రాత్రికీ పలకనివాళ్లకు మూడో కబురు వద్దు. దగ్గరి చుట్టాలందరినీ వచ్చేవాళ్లలోనే వేసుకుని, మిగిలినవాళ్లలో సగం మందిని కలిపి సంఖ్య చెప్పేయొచ్చు. మరీ ఎక్కువమంది వస్తే అన్నం మళ్లీ వండించుకోవచ్చు. ముందుగా చేసిపెట్టే స్వీటు అప్పటికప్పుడు పెరగదు, కాబట్టి దాన్ని మాత్రం పదిమందికి ఎక్కువే చెప్పుకోవాలి.