అవ్వ మిద్దె, 3,200 రూపాయలు, మేము రాసిన తప్పు అర్జీ

మేము హాస్టల్లో ఒకే రూములో ఉండే ముగ్గురం. ఒకరిది హిందూపురం వైపు, ఒకరిది పెనుకొండ వైపు, ఒకరిది ధర్మవరం వైపు తాండా. ముగ్గురి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే తాండాలో ఏ కాగితం రాయాలన్నా మా దగ్గరికే వస్తారు. రాస్తాం కూడా. కానీ ఒక అర్జీ మేము తప్పుగా రాసినాము. ఆ తప్పు ఖరీదు ఒక ఇల్లు. అందుకే ఈ పోస్టు.

తుఫాను అంటే కోస్తా వాళ్లకే అని మన దగ్గర ఒక మాట ఉంది. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున వాయుగుండం దాటింది చెన్నై, పుదుచ్చేరి మధ్యన. కానీ అదే రోజు మన చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతిలో చిక్కుకున్న పదిమందిని హెలికాప్టర్‌తో పైకి లాగాల్సి వచ్చింది. గాలి మన దాకా రాదు, వాన వస్తుంది. మన ఇళ్లను కూల్చేది ఆ వానే.

అదీ వెంటనే కూల్చదు. మనవి మట్టి మిద్దెలు. రాయికి రాయికి మధ్య బురద పెట్టి కట్టిన గోడ, పైన దూలాలు, దంతెలు, వాటి మీద కంప, ఆ పైన చవుడు మట్టి. రెండు మూడు రోజులు విడవకుండా కురిస్తే పైన మట్టి నీళ్లు తాగి బరువెక్కుతుంది. కింద గోడలో బురద మెత్తబడి జారుతుంది. వాన నిలిచినాక, ఎండ కొట్టినాక, నాలుగో రోజో ఆరో రోజో గోడ పొట్ట ఉబ్బి కూలుతుంది. ఇది మన అవ్వలకు, తాతలకు తెలుసు. సర్వే ఫారానికి తెలియదు.

మాలో ఒకరి అవ్వ ఇంటికి జరిగింది ఇదే. ఇల్లు 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. వాన నిలిచిన మరుసటి రోజే సర్వేకు వచ్చినారు. అప్పటికి పడింది పక్క గోడ ఒక్కటే, 12 అడుగులు. నాలుగు గోడలూ కలిపితే 72 అడుగులు కదా, అందులో ఆరో వంతు. "కచ్చా ఇల్లు, పాక్షికం" అని రాసుకుని పోయినారు. ఆ రోజుకు అది నిజమే, వాళ్లను తప్పు పట్టలేము. ఐదో రోజు రాత్రి 24 అడుగుల వెనక గోడ, దానితో పాటే పైకప్పు మొత్తం పడిపోయినాయి. అవ్వ దేవుని దయవల్ల పక్కింట్లో పండుకోనుంది.

అప్పుడు మేము అర్జీ రాసినాము. ఇంటర్ కూడా దాటని వయసు. "మేము నిరుపేదలము, రెక్కాడితే గానీ డొక్కాడదు, దయతలచి ఆదుకోవలెను" అని రెండు పేజీలు నింపినాము. గోడ పడిన తేదీ రాయలేదు. కొలత రాయలేదు. ముందు సర్వేలో ఏమి రాసినారో దాని మాటే ఎత్తలేదు. ఫోటోలు మూడు పెట్టినాము, మూడింట్లోనూ మట్టి కుప్ప తప్ప ఏమీ కనపడదు. అది ఎవరి ఇల్లో, ఏ ఊరో దేవునికే ఎరుక. మూడు వారాల తర్వాత "జాబితా పైకి పంపేసినాము" అని నోటి మాటగా చెప్పినారు. అవ్వ ఖాతాలో 3,200 పడింది.

అప్పటి లెక్క ప్రకారం కచ్చా ఇల్లు పాక్షికంగా దెబ్బతింటే 3,200. పూర్తిగా పోతే 95,100. 2022లో కేంద్రం ఈ రేట్లు మార్చింది. 2022-23 నుంచి 2025-26 వరకు పెట్టిన లెక్కలో ఇల్లు పూర్తిగా పోతే, పక్కా అయినా కచ్చా అయినా, మైదాన ప్రాంతంలో 1,20,000. పాక్షికమైతే పక్కాకు 6,500, కచ్చాకు 4,000, అదీ కనీసం 15 శాతం దెబ్బతిని ఉంటేనే. గుడిసె పోతే 8,000. ఇంటిని ఆనుకున్న పశువుల పాకకు 3,000.

ఈ వరుసలను ఒకసారి నిదానంగా చదవండి. "పాక్షికం" నుంచి "పూర్తి"కి ముప్పై రెట్లు. "గుడిసె" నుంచి "కచ్చా ఇల్లు, పూర్తి"కి పదిహేను రెట్లు. మన పేదరికం ఎంత అనేది ఈ లెక్కలో ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఇల్లు ఏ రకం, ఎంత పడింది అనే రెండు ప్రశ్నలే. మేము రెండు పేజీలు రాసి ఆ రెండింటికే జవాబు రాయలేదు.

గుడిసె దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఆ నిబంధనల్లో గుడిసె అంటే బోద, మట్టి, ప్లాస్టిక్ పట్టలతో వేసుకున్న తాత్కాలిక నివాసం, కచ్చా ఇంటి కంటే తక్కువది. మట్టి అనే మాట అందులో ఉంది చూడండి. తాండాలో మట్టి గోడ చూడగానే "గుడిసె" అని రాసేసే ప్రమాదం అక్కడుంది. మన మిద్దె తాత్కాలికం కాదు. దానికి పునాది ఉంది, రాతి గోడ ఉంది, దూలాలున్నాయి, డోర్ నంబరు ఉంది, మూడు తరాలు బతికినారు. ఆ సంగతి అర్జీలో మనమే రాయాలి.

ఇంకా, ఇల్లు అనుమతి ఉన్న కట్టడం అని అధికారి ధ్రువీకరించాలని నిబంధన ఉంది. తాండాల్లో చాలా ఇళ్లకు పట్టా లేదు. కాబట్టి ఉన్నవి పెట్టాలి: పంచాయతీ ఇంటి పన్ను రశీదు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు. పన్ను రశీదు వాన వచ్చినాక దొరకదు, ఇంటితో పాటే తడిసి పోతుంది. పండగ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి.

ఇప్పుడైతే మేము ఆ అర్జీ ఇట్ల రాస్తాము:

"జిల్లా కలెక్టర్ గారికి (జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ అధ్యక్షులు), పుట్టపర్తి. తహశీల్దార్ గారి ద్వారా.
విషయం: ఇంటి నష్టం నమోదును 'పాక్షికం' నుంచి 'పూర్తి'కి మార్చుట కొరకు పునఃపరిశీలన కోరుతూ.
అయ్యా, నా ఇల్లు డోర్ నంబరు ఫలానా, రాతి పునాది, రాతి గోడలు, దూలాలతో కట్టిన మట్టి మిద్దె, 24 x 12 అడుగులు. ఫలానా తేదీల తుఫాను వానకు 12 అడుగుల తూర్పు గోడ పడింది. ఫలానా తేదీన సర్వేలో 'కచ్చా, పాక్షికం' అని నమోదు చేసినారు. ఆ తర్వాత ఫలానా తేదీ రాత్రి, అదే వానకు నానిన 24 అడుగుల ఉత్తరపు గోడ, పైకప్పు మొత్తం కూలినవి. 72 అడుగుల గోడలో 36 అడుగులు, పైకప్పు పూర్తిగా పోయినవి. ఇల్లు నివాసానికి పనికిరాదు. మళ్లీ చూసి, పంచనామా చేసి, నమోదు సరిచేయగలరు. జతపరచినవి: ఫోటోలు 6, పన్ను రశీదు, కరెంటు బిల్లు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు నకళ్లు, ఇద్దరు ఇరుగుపొరుగు వారి సంతకాలు."

అంతే, ఒక పేజీ. ఇందులో ప్రాణం "అదే వానకు నానిన" అనే మాట. అది లేకపోతే ఐదో రోజు పడిన గోడను పాతబడి పడిన గోడ అంటారు.

ఫోటోల సంగతి. మొదటిది దూరం నుంచి, పక్కిల్లో, వేపచెట్టో, కరెంటు స్తంభమో కలిసి కనపడేటట్లు. తర్వాత నాలుగు దిక్కుల నుంచి నాలుగు. పడిన గోడ పక్కన మనిషి నిలబడితే ఎత్తు తెలుస్తుంది. ఒకటి డోర్ నంబరుది. నిలబడి ఉన్న కప్పు కిందికి మాత్రం ఫోటో కోసం పోవద్దు. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి తీయండి. వాట్సాప్‌లో పంపిన కాపీలో తేదీ, చోటు వివరాలు పోతాయి, కాబట్టి అసలు ఫోటో తీసిన ఫోనులోనే ఉంచండి. మొదటి గోడ పడినప్పుడు తీయండి, రెండోది పడినప్పుడు మళ్లీ తీయండి. ఇల్లు బాగున్నప్పటిది పెళ్లి ఫోటోలోనో, తీజ్ పండగ ఫోటోలోనో వెనక కనపడుతుంటుంది, అదీ జత చేయండి. సర్వే కాకముందు మట్టి ఎత్తిపోయొద్దు.

అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. సచివాలయంలో జాబితా పెడితే డబ్బు కంటే ముందు మన పేరుకు ఎదురుగా ఏ మాట రాసినారో చూడండి. జాబితా పైకి పోకముందు అయితే ఒక్క మాట మారుతుంది. పోయినాక సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు తిరగాలి, లేదంటే సర్వే ఫారం నకలు కోసం సమాచార హక్కు కింద అడిగి 30 రోజులు చూడాలి. అది కూడా చేయాలి, కానీ అవ్వ అన్ని రోజులు ఎక్కడ పండుకోవాలి?

తప్పంతా మాదే అని మేము అనము. 2005 విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ ఇళ్ల నష్టానికి సాయాన్ని కనీస ప్రమాణాల్లో చేర్చింది. 61వ సెక్షన్ కులం, వంశం చూసి వివక్ష చేయరాదంది. కానీ మట్టి మిద్దె ఐదో రోజు పడుతుందని తెలిసీ రెండో రోజే సర్వే ముగిస్తే, వివక్ష ఎవరూ చేయకుండానే జరిగిపోతుంది. సిమెంటు ఇంటి నష్టం రెండో రోజుకు పూర్తిగా కనపడుతుంది. మనది కనపడదు. అందుకే మేము అడిగేది ఒకటే: మట్టి ఇళ్లు ఉన్న తాండాలకు పది రోజుల తర్వాత రెండో సర్వే పెట్టాలి. మొదటి సర్వే ఫారం నకలు ఇంటివాళ్లకు ఇవ్వాలి.

డబ్బు లేదనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో నీళ్లు వచ్చిన కింది అంతస్తు ఇళ్లకు మన రాష్ట్ర ప్రభుత్వమే 25,000 చొప్పున ప్రకటించింది. మంచి పని, వాళ్లకు అది కావాలి. కేంద్రం లెక్క దాటి ఇవ్వొచ్చని దానితో తేలింది. మరి గోడ కూలిన మట్టి ఇంటికి 4,000 తోనే ఎందుకు ఆగాలి?

ఇంకో మాట. అబద్ధం రాయొద్దు. సాయం కోసం తప్పుడు క్లెయిమ్ చేస్తే అదే చట్టం 52వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. నిజం అడుగుల్లో రాస్తే చాలు.

అవ్వ ఇప్పుడు పాత ఇంటి జాగాలోనే బోద కొట్టంలో ఉంటోంది. రేపు ఇంకో తుఫాను వచ్చి అది పోతే, జాబితాలో "గుడిసె" అని రాస్తారు. ఆ రోజు అది నిజమే అవుతుంది. మేము సరిగ్గా రాయని ఒక్క అర్జీ వల్ల అవ్వ ఇల్లు ఒక వరుస కిందికి దిగింది. ఈ వానాకాలం లోపల మీ తాండాలో ఎన్ని మట్టి మిద్దెలున్నాయో, ఎన్నింటికి పన్ను రశీదు ఉందో లెక్క రాసి కింద పెట్టండి. అర్జీ రాయడానికి మనిషి కావాలంటే మేము ముగ్గురం వస్తాము.