డబ్బు తీసుకున్న మాట తెలుగులో చెప్పండి

2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు ఖమ్మం, భద్రాద్రి జిల్లాల మిర్చి రైతును నిలువునా ముంచింది. పూలలో చేరి రసం పీల్చే ఈ పురుగు పడితే పూత రాలుతుంది, కాయ నిలవదు. అలవాటైన మందులకు లొంగకపోతే రైతు ఫోన్ తీసి వెతుకుతాడు. ‘ఈ డబ్బా కొట్టాక వారంలో తోట తేరుకుంది’ అనే వీడియో ఎదురవుతుంది. అది రైతు అనుభవమా, కంపెనీ డబ్బిచ్చి తీయించిందా? చర్ల వైపు అడవి అంచున అప్పు తెచ్చి తోట వేసినవాడికి ముందుగా తెలియాల్సింది అదే.

ఏన్కూరు తోటలో మూడు నిమిషాల వీడియో తీశారనుకుందాం. మొదటి నిమిషం పురుగు గురించి, మిగతా రెండూ మందు గురించి. భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021 నియమాల ప్రకారం రెండు నిమిషాలు దాటిన వీడియోలో ఆ మందు ప్రస్తావన సాగినంతసేపూ ఇది ప్రకటన అన్న మాట తెరపై ఉండాలి. నిమిషంన్నర వీడియో అయితే కనీసం ముప్పై సెకన్లు ఉండాలి. వీడియో కింద వివరాల్లో ఎక్కడో రాస్తే చాలదు. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరో మాట చేర్చింది: వీడియోలో ఈ సంగతి కనిపించాలి, వినిపించాలి, ప్రచారం ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉండాలి. ఎండలో గట్టు మీద నిలబడి చూసేవాడికి మూలనున్న ‘పెయిడ్ పార్ట్‌నర్‌షిప్’ అనే ఇంగ్లిషు అక్షరాలు కనపడవు. ‘ఈ వీడియోకు ఫలానా కంపెనీ డబ్బిచ్చింది’ అని నోటితో చెబితే తెలుస్తుంది.

డబ్బు ముట్టకపోయినా చెప్పాల్సిందే. ఉచితంగా ఇచ్చిన డబ్బా, ప్రయాణ ఖర్చు, కంపెనీలో బంధుత్వం కూడా సంబంధమే. తెరపై మాట్లాడే రైతే ఆ మందుకు డీలరైతే ఆ సంగతి దాచడం మరీ అన్యాయం.

అయితే ‘ప్రకటన’ అన్నంత మాత్రాన అబద్ధం నిజమైపోదు. కంపెనీ వాళ్లు వీడియో తీసే ఛానల్ చేతికి మాటలు రాసిచ్చే ముందు చూపాల్సినవి ఉన్నాయి. పురుగుమందైతే డబ్బా మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? ‘బయో’ అన్న పేరుతో అది లేకుండానే పురుగు చస్తుందని చెప్పిస్తున్నారా? ఎకరానికి ఎంత మోతాదు? అదే వారంలో ఆ తోటకు ఇంకేం కొట్టారు? పక్కన మందు కొట్టని సాళ్లు ఎలా ఉన్నాయి? ఈ చివరి రెండింటికీ జవాబు లేని వీడియోలో తోట ఏ మందుకు తేరుకుందో చెప్పినవాళ్లకే తెలియదు. అలాంటిదాన్ని ఛానల్ వాళ్లు వద్దనాలి. తప్పుదారి పట్టించే ప్రచారానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తొలిసారైతే పది లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. అది కంపెనీతో పాటు ప్రచారం చేసినవారికీ వర్తిస్తుంది.

రైతు సోదరులారా, వీడియోలో ఈ మాటలేవీ వినపడకపోతే డబ్బా కొనే ముందు మీ మండల ఉద్యాన అధికారిని ఒకసారి అడగండి.