వంపు అడవిదా, మన కొలతదా?

మొక్కల సర్వే నివేదికల్లో తరచూ ఎదురయ్యే ఒక తీర్పు నన్ను చాలాకాలంగా చీకాకు పెడుతోంది. లెక్కలు లాగ్-సిరీస్‌కు సరిపోతే అది ఒత్తిడికి లోనైన వృక్షసముదాయమట. లాగ్‌నార్మల్‌కు సరిపోతే పరిణతి చెందిన అడవియట. మధ్యలో ఒక ‘కనుక’. నా తగవంతా ఆ ‘కనుక’తోనే.

ముందుగా సంగతి చెప్పుకుందాం. సర్వేలో దొరికిన జాతులను సంఖ్యాక్రమంలో, ఎక్కువ మొక్కలున్నదాని నుంచి తక్కువ ఉన్నదాని దాకా వరుసపెట్టి, నిలువు అక్షం మీద వాటి సంఖ్యను లాగరిథమ్ కొలతలో గుర్తిస్తే వచ్చేదే ర్యాంక్-అబండెన్స్ వక్రరేఖ. 1943లో ఫిషర్ ప్రతిపాదించిన లాగ్-సిరీస్ ప్రకారం ఒకే ఒక్క మొక్కతో కనిపించే ఒంటరి జాతులే అన్నిటికంటే ఎక్కువ. రెండేసి, మూడేసి ఉన్నవి క్రమంగా తగ్గుతాయి. 1948లో ప్రెస్టన్ దీనిని కాదన్నాడు. అతని లాగ్‌నార్మల్‌లో మధ్యస్థంగా ఉన్న జాతులే ఎక్కువ. మరీ అరుదైనవీ, మరీ విస్తారమైనవీ తక్కువ. అయితే నమూనా చిన్నదైతే అరుదైన జాతులు అసలు కంటబడవు, గంట ఆకారపు ఎడమ భాగం ఒక తెర వెనుక దాగిపోతుందని కూడా అతడే హెచ్చరించాడు. మన నివేదికలు ప్రెస్టన్ పేరును పట్టుకుని, ఆ హెచ్చరికను వదిలేశాయి.

దీనికి నేను చూపే సాక్ష్యం పనామాలోని బారో కొలరాడో ద్వీపం. అక్కడి 50 హెక్టార్ల అడవిలో 10 సెంటీమీటర్లు, అంతకు మించిన వ్యాసం గల చెట్ల లెక్క R భాషలోని `vegan` ప్యాకేజీలో అందరికీ అందుబాటులో ఉంది. మొత్తం 21,457 చెట్లు, 225 జాతులు. హెక్టారుకొక వరుస చొప్పున 50 వరుసలు.

మొదటి హెక్టారును మాత్రమే తీసుకుందాం. అందులో 448 చెట్లు, 93 జాతులు. లాగ్-సిరీస్‌కు అవసరమైన ఏకైక పరామితి ఆల్ఫా విలువ 35.7 వస్తుంది. దాని ప్రకారం ఒంటరి జాతులు 33 ఉండాలి; ఉన్నవి 31. రెండేసి చెట్లున్న జాతులు 15 ఉండాలి, ఉన్నవి 18. చక్కగా కుదిరింది! మన నివేదికకారుడైతే ఇక్కడే కలం తీసి ‘ఒత్తిడికి లోనైన సముదాయం’ అని రాసేస్తాడు.

ఇప్పుడు 50 హెక్టార్లనూ కలపండి. ఆల్ఫా దాదాపు మారదు, 35.05. ఒంటరి జాతులు 35 ఉండాలని లాగ్-సిరీస్ పట్టుబడుతుంది. తీరా ఉన్నవి 19 మాత్రమే. తెర పక్కకు తొలిగింది. ఎడమ వైపు వాలు బయటపడింది. అడవి అదే, చెట్లు అవే. రాత్రికి రాత్రి దానికి పరిణతి వచ్చిందా? మారింది మన కొలత పరిమాణం మాత్రమే.

నా మాట నమ్మనక్కరలేదు, మీరే చూడండి:

```r
library(vegan)
data(BCI)
x <- colSums(BCI)
fisher.alpha(BCI[1,]); sum(BCI[1,] == 1)
fisher.alpha(x);       sum(x == 1)
sum(rrarefy(x, 448) == 1)
```

చివరి వరుస మొత్తం లెక్కలోంచి 448 చెట్లను యాదృచ్ఛికంగా ఏరుతుంది. ఒంటరి జాతుల సంఖ్య మళ్ళీ పెరగడం మీరు గమనిస్తారు. మీ సర్వే మీద కూడా ఇదే పరీక్ష పెట్టండి. నమూనాను పలుచన చేసినప్పుడు ఆకారం మారిపోతుంటే, ఆ ఆకారాన్ని అడవి లక్షణంగా ప్రకటించే హక్కు మీకు లేదు. రెండు స్థలాలను పోల్చదలిస్తే ముందుగా చెట్ల సంఖ్యను సమానం చేసి పోల్చండి.

రెండవ తగవు, గీత సరిపోయిందనడానికి చూపే R² గురించి. జాతులను అవరోహణ క్రమంలో పేర్చింది మనమే. కనుక బిందువులు దిగుతూ పోవడం మన చేతి చలవ, ప్రకృతి రహస్యం కాదు. అలా పేర్చిన బిందువులు ఒకదానికొకటి స్వతంత్రం కావు. ఏ దిగే గీతను గీసినా R² ఘనంగానే వస్తుంది. రెండు నమూనాలు నిజంగా విడిపోయేది అరుదైన జాతుల కొసలో; దానిని చూడాలంటే పైన చేసినట్లు ఒంటరి జాతులను ఊహించిన సంఖ్యతో పోల్చాలి. AICతో తేల్చదలిస్తే రెండు నమూనాలనూ ఒకే రకం దత్తాంశం మీద అమర్చాలి. `fisherfit` జాతుల పౌనఃపున్యాలను, `radfit` ర్యాంకుల వారీ సంఖ్యలను అమరుస్తాయి. వాటి AICలను పక్కపక్కన పెట్టడం తూకపురాయిని మూరకర్రతో పోల్చడమే.

పెద్ద నమూనాతోనైనా కారణం తేలిపోతుందని అనను. ఇదే ద్వీపపు లెక్కల మీద 2003లో ‘నేచర్’ పత్రికలో మెక్‌గిల్ లాగ్‌నార్మలే మేలన్నాడు. అదే ఏడాది అదే పత్రికలో వోల్కోవ్ బృందం తటస్థ సిద్ధాంతం కూడా ఆ వంపుకు సరిపోతుందని చూపింది. 21,457 చెట్లతోనే తెగని వివాదాన్ని నాలుగు వందల చెట్లతో తెంచేసి, ఒక అడవికి ‘చెడిపోయింది’ అని ముద్ర వేయడం నాకు శాస్త్రంగా తోచదు. అడవి చెడిందో లేదో చెప్పాలంటే నరికిన మొదళ్ళను చూడండి, కొత్త మొలకలను లెక్కపెట్టండి. వంపును మాత్రం సాక్షిగా పిలవకండి.