ఎనభై నాలుగు మార్కుల పేదరికం

2024 జనవరిలో నీతి ఆయోగ్ ఒక చర్చాపత్రం ప్రకటించింది. 2013-14 నుండి 2022-23 వరకు తొమ్మిదేళ్లలో మన దేశంలో 24.82 కోట్ల మంది ‘బహుముఖ పేదరికం’ నుండి బయటపడ్డారన్నది దాని సారాంశం. ఆ రెండు సంవత్సరాలలోనూ ఈ కొలతకు ఆధారమైన సర్వే జరగలేదనీ, పాత సర్వేల మధ్య వున్న మార్పువేగాన్ని వెనక్కూ ముందుకూ సాగదీసి ఆ అంకె కట్టారనీ చాలామంది ఎత్తి చూపారు. ఆ విమర్శ న్యాయమైనదే. కాని అంతకన్న మూలానికి పోయి అడగవలసిన ప్రశ్న ఒకటి వున్నది. ‘బయటపడడం’ అంటే ఏమిటి? ఏ గడప దాటితే ఒక కుటుంబం పేదది కాకుండా పోతుంది? ఆ గడపను ఎవరు, ఏ కొలతతో కట్టారు?

ఈ కొలతకు మూలం సబీనా అల్కైర్, జేమ్స్ ఫాస్టర్ అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తల పద్ధతి. 2010 నుండి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దానిని ప్రపంచమంతటికీ వాడుతున్నది. నీతి ఆయోగ్ దానిని కొంత మార్చి 2021లో మన దేశానికి తెచ్చింది. పద్ధతి చిక్కైనదేమీ కాదు. ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణం అని మూడు భాగాలు. మూడింటికీ సమానమైన బరువు. ఒక్కొక్క భాగం కింద కొన్ని అంశాలు. ఏ అంశంలో కుటుంబానికి లేమి వుంటే ఆ అంశం బరువును లెక్కలో కలుపుతారు. కలిపిన మొత్తం మూడింట ఒక వంతుకు చేరితే ఆ కుటుంబం పేదది. చేరకపోతే కాదు.

భిన్నాలు మనిషిని బెదరగొడతాయి కనుక దీనిని పరీక్షపత్రంలాగా మార్చి చూద్దాం. మొత్తం 84 మార్కులు అనుకోండి. ఇంట్లో ఎవరికైనా పోషణ లోపం వుంటే 14. గడచిన అయిదేళ్లలో పద్దెనిమిదేళ్లలోపు బిడ్డ చనిపోయి వుంటే 7. కాన్పుకు ముందు కనీసం నాలుగు పరీక్షలు గాని, కాన్పునాడు శిక్షణ పొందిన మనిషి సాయంగాని తల్లికి దక్కకపోతే 7. పదేళ్లు దాటినవారిలో ఒక్కరైనా ఆరేళ్ల చదువు పూర్తి చేయకపోతే 14. బడి వయసు పిల్ల బడికి పోకపోతే 14. ఇక మిగిలిన ఏడు అంశాలు జీవన ప్రమాణానివి: వంట చెరకు, మరుగుదొడ్డి, మంచినీరు, కరెంటు, ఇల్లు, సామానులు, బ్యాంకు ఖాతా. ఒక్కొక్కటికి 4 మార్కులు. మొత్తం 84లో 28 వస్తే మీరు పేదవారు. 27 వచ్చినా కారు.

ఇప్పుడు ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తాటాకు గుడిసె, మట్టి నేల. పుల్లల పొయ్యి. దొడ్డికి బయలుకు పోవాలి. వాగునీరే తాగునీరు. కరెంటు లేదు. ఇంట్లో చెప్పుకోదగిన సామాను ఒక పాత ఫోను. అయితే పెద్దకొడుకు ఆరో తరగతి దాటాడు, చిన్నపిల్ల బడికి పోతున్నది, తూచి చూస్తే ఎవరి బరువూ గీత కిందికి లేదు. ఈ ఇంటికి వచ్చే మార్కులు ఎన్ని? ఆరు లేములు, ఒక్కొక్కటికి 4 చొప్పున 24. ఏడవ అంశమైన బ్యాంకు ఖాతా కూడా లేకపోతే 28 అయ్యేవి, వారు పేదవారయ్యేవారు. కాని ఎవరో వచ్చి ఖాతా తెరిపించి పోయారు. అందులో ఒక్క రూపాయి లేకపోయినా సరే, ఖాతా వున్నది కదా! గుడిసె, చీకటి, వాగునీరు, పొగ అన్నీ అలాగే వున్నవి. కుటుంబం మాత్రం పేదరికం నుండి ‘బయటపడింది’.

ఇదే కుటుంబాన్ని అసలు ప్రపంచ సూచికతో కొలవండి. అందులో జీవన ప్రమాణం కింద ఆరు అంశాలే వున్నవి, బ్యాంకు ఖాతా లేదు. భాగం బరువు మూడింట ఒక వంతే కనుక ఆరు లేములూ కలిస్తే సరిగ్గా మూడింట ఒక వంతు. అంటే ఆ కొలతలో ఈ కుటుంబం పేదదే. ఇల్లు మారలేదు, మనుషులు మారలేదు. మారింది జాబితాలో ఒక్క గీత. ఒక పెట్టెలో కొత్త అంశం చేర్చినప్పుడు పెట్టె బరువు పెరగదు, లోపలి అంశాలు ఒక్కొక్కటీ తేలికవుతాయి. ఖాతాను చేర్చిన క్షణాన మరుగుదొడ్డి లేమి, మంచినీటి లేమి, చీకటి, ఇవన్నీ పద్దెనిమిదో వంతు నుండి ఇరవై ఒకటో వంతుకు దిగిపోయాయి. ఎవరికీ తెలియకుండా జరిగిన తరుగు ఇది. చేర్చిన అంశమో, 2014 ఆగస్టులో మొదలైన జన్‌ధన్ పథకం తర్వాత ప్రభుత్వం అతి సులభంగా తీర్చగలిగినది. కొత్త అంశాన్ని చేర్చడం కొలతను సమగ్రం చేస్తుందని చెబుతారు. సమగ్రమయిందో లేదో గాని, పలచనయింది.

ఇక రెండవ కుటుంబం. తల్లి ఎముకల గూడు. రెండేళ్ల కింద ఒక బిడ్డ పోయింది. పుల్లల మీదనే వంట. పోషణ లోపానికి 14, బిడ్డ చావుకు 7, వంట చెరకుకు 4. మొత్తం 25. వీరు పేదవారు కారు! ఇక్కడే బరువుల అసలు స్వభావం బయటపడుతున్నది. బరువు అంటే ప్రాముఖ్యం అని మనం అమాయకంగా అనుకుంటాం. నిజానికి మార్కులను కూడినంతకాలం బరువు అంటే మారకపు రేటు. బిడ్డ చావుకు 7, మరుగుదొడ్డి లేమికి 4 అని రాసినవాడు, ఒక చావు రెండు దొడ్ల కన్న తక్కువ అని రాసినట్టే. అతడు అలా అనుకోకపోవచ్చు, అలా అనమంటే సిగ్గుపడవచ్చు కూడా. కాని కూడిక అతని తరఫున ఆ మాట అంటూనే వుంటుంది. పైగా ఆ చావు అయిదేళ్ల లోపలిదైతేనే లెక్క. ఆరవ ఏట తల్లి మరచిపోయినా మరువకపోయినా పత్రం మరచిపోతుంది.

గడప కింద మిగిలిపోయినవారి గతి ఏమిటి? సూచిక కట్టేటప్పుడు పేదల శాతాన్ని, ఆ పేదలకు సగటున వచ్చిన మార్కుల వాటాను గుణిస్తారు. 28కి తగ్గిన కుటుంబాల మార్కులను ఈ లెక్కకు ముందే సున్నా చేస్తారు. మొదటి ఇంటి 24, రెండవ ఇంటి 25, రెండూ సున్నాలే. అన్నీ వున్న మేడలోని కుటుంబానికి వచ్చే సున్నాకూ వీటికీ సూచిక దృష్టిలో తేడా లేదు. గడప తప్పు ఒక మార్కుతో పోయేది కాదు, ఇరవై అయిదు మార్కుల బాధను ఒక్కసారిగా తుడిచివేసేది.

దీనికి సమర్థకుల సమాధానాలు వున్నవి. కేలరీలకూ రూపాయలకూ కట్టిన పాత పేదరికపు గీత కన్న ఇది మేలు అంటారు. ఒప్పుకుంటాను. ఏ జిల్లాలో ఏ లేమి ఎక్కువో విడదీసి చూపగల శక్తి దీనికున్నది, బరువులను దాచకుండా అచ్చువేస్తారు, అందుకే మనం ఈ లెక్క వేయగలిగాం. రెండు సర్వేలలోనూ ఒకే పత్రం వాడారు కనుక తగ్గుదల అంతా మాయ అనడం కూడా తప్పే. 2015-16లో 24.85 శాతం, 2019-21లో 14.96 శాతం అన్నప్పుడు కొన్ని ఇళ్లకైనా నిజంగా దీపం, దొడ్డి వచ్చాయి. బరువులు కొంత మార్చినా దేశాల వరుసక్రమం పెద్దగా మారదని సూచిక కర్తలు మరో వాదన చేస్తారు. వరుసక్రమం మారకపోవచ్చు. కాని ప్రభుత్వం ప్రకటించుకున్నది వరుసక్రమం కాదు, ఇన్ని కోట్లమంది బయటపడ్డారన్న అంకె. గడపను నాలుగు మార్కులు అటూ ఇటూ జరిపితే ఆ అంకె నిలవదు.

“ఇది గణాంకం మాత్రమే, దీనిని బట్టి ఎవరి బియ్యమూ ఆపరు కదా” అని ఇంకొకరు అంటారు. ఇదే కూడిక బియ్యం దగ్గరకు వచ్చిన రోజు కూడా వున్నది. 2002లో గ్రామాలలో దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాల గణన జరిగింది. పదమూడు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 0 నుండి 4 మార్కులు, మొత్తం 52. అక్కడ మార్కులు తక్కువైతే పేదవారు. ఏడాదిలో ఎక్కువ కాలం పూటకు కూడా తిండి లేని ఇంటికి 0, ఏడాదంతా కడుపునిండా తినే ఇంటికి 4. పిల్లవాడు బడి మాని పనికి పోతే 0, పని లేకుండా బడికి పోతే 4. ఈ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తాను పస్తుండి బిడ్డను బడికి పంపిన తల్లికి నాలుగు మార్కులు పెరిగాయి. తిండిలేమికి ఆమె పొందిన వెసులుబాటు అంతా ఆ నాలుగుతో చెల్లిపోయింది! బరువులు వేయలేదు, అన్నీ సమానమే అన్నారు. సమానమనడం కూడా బరువు వేయడమే. పైగా నెగ్గే మార్కు ఎంతో ముందు తేల్చలేదు. ఎన్ని కుటుంబాలు పేదవి కావచ్చునో ప్రణాళికా సంఘపు అంచనాతో ముందు కట్టివేశారు, స్వల్పంగా పది శాతం సడలింపు ఇచ్చారు. ఆ సంఖ్యకు సరిపోయేచోట రాష్ట్రాలు గీత గీసుకున్నాయి. ఫలితాన్ని ముందు రాసుకొని పరీక్ష తర్వాత పెట్టడమంటే ఇదే.

మరి కొలవవద్దంటామా? కాదు. ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. మన పదవ తరగతి పరీక్షలో లెక్కలలో నూరు తెచ్చుకున్నవాడు సైన్సులో తప్పితే తప్పినట్టే. కొన్ని విషయాలలో ఒకదాని మిగులు మరొకదాని లోటును పూడ్చదని మనం ఒప్పుకున్నాం. ప్రాణానికి ఆ మాత్రం గౌరవం ఇవ్వలేమా? 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన ఆ దారిలో ఒక అడుగు వేసింది. ఇల్లు లేనివారు, బిచ్చమెత్తి బతికేవారు, చేతులతో మలం ఎత్తేవారు, ఆదిమ తెగలవారు, చట్టప్రకారం విముక్తులైన వెట్టి కార్మికులు, వీరికి కూడిక అవసరం లేదన్నది. ఆ ఒక్క లక్షణమే చాలు. అలాగే పోషణ లోపం, బిడ్డ చావు కలసిన ఇల్లు ఏ దొడ్డితోనూ ఏ ఖాతాతోనూ మారకం కాదని రాయడానికి ఏ గణితమూ అడ్డురాదు. గడప కింద సున్నా చేసిన మార్కులను కూడా అచ్చు వేయమని అడుగుదాం. 20కీ 28కీ మధ్య ఎన్ని కోట్లమంది వున్నారో చెప్పమని అడుగుదాం. ఆ సంఖ్య లేకుండా ‘బయటపడ్డారు’ అన్న మాటను ఏ తరగతి గదిలోనూ ఒప్పుకోనక్కరలేదు.

బయటపడినవారు గడప దాటి ఎక్కడికి పోయారు? మొదటి కుటుంబం ఇంకా ఆ తాటాకు గుడిసెలోనే వున్నది. ఆ రాత్రికి కూడా దీపం లేదు. చీకట్లో ఎక్కడో చూరులో బ్యాంకు పుస్తకం ఒకటి వున్నది.