ఎన్ని క్యారియర్లకు అద్దె తీరుతుంది?

అమీర్‌పేట మైత్రీవనం వెనక సందులో గది అద్దెకు తీసుకుని, కంప్యూటర్ కోర్సులకొచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలకు మధ్యాహ్నం క్యారియర్లు పంపే ఒక సోదరి ఇలా రాశారు: "క్యారియర్ 90 రూపాయలు. నాకు పడేది 60. రోజుకు 20 వెళ్తున్నాయి. అంటే రోజూ 600 లాభమే కదా! మరి ఒకటో తారీఖు వచ్చేసరికి గాజులు తాకట్టుకు వెళ్తున్నాయేమిటి?"

ఆ 600 మిగులుతున్న మాట నిజమే. కాకపోతే అది ఇంకా ఆవిడది కాదు, ముందు గదిది.

గది అద్దె 12,000, సాయానికి పెట్టుకున్న మనిషి జీతం 8,000, కరెంటు, నీళ్లు 1,000. మొత్తం 21,000. ఒక్క క్యారియర్ పోకపోయినా ఇది కట్టాల్సిందే. ఇక క్యారియర్‌తో పాటు పెరిగే ఖర్చు వేరు. సరుకులు 45, గ్యాస్ 5, తీసుకెళ్లే కుర్రాడికి 10. ఈ 60 పోగా మిగిలే 30తోనే ఆ 21,000 తీరాలి. భాగించి చూడండి, 700 వస్తుంది. నెలకు 700 క్యారియర్లు పోతే లాభమూ లేదు, నష్టమూ లేదు. దీన్నే బ్రేక్ ఈవెన్ పాయింట్ అంటారు. ఆదివారాలు పోను 26 రోజులనుకుంటే, రోజుకు 27. ఈవిడ పంపేది 20. నెలకు 520 క్యారియర్ల మీద మిగిలేది 15,600. తక్కువ పడిన 5,400 కోసమే గాజులు!

ఇప్పుడొక హాస్టల్ వాళ్లు "85కిస్తే రోజూ పది తీసుకుంటాం" అంటున్నారట. ఒప్పుకోవచ్చా? కొత్త పదింటి మీద ఒక్కోదానికి 25 చొప్పున నెలకు 6,500 వస్తుంది. పాత 15,600తో కలిపితే 22,100. గండం గట్టెక్కినట్టే. కానీ పిల్లలు ఒకరికొకరు చెప్పుకోరూ? పాతవాళ్లూ 85కే అడిగితే, 780 క్యారియర్ల మీద వచ్చేది 19,500. పది పెరిగినా మళ్లీ నష్టమే. అప్పుడు 840 పోవాలి, అంటే రోజుకు 33. టమాటాలు, నూనె మండిపోయి సరుకుల ఖర్చు 5 రూపాయలు పెరిగినా జరిగేది ఇదే.

అసలు ఆ 45 సరైనదేనా? చాలామంది ఇక్కడే ఉజ్జాయింపుగా వేస్తారు. సోమవారం ఉదయం డబ్బాల్లో ఉన్న సరుకు విలువ రాసుకోండి. అది 1,800 అనుకుందాం. వారంలో కొన్నది 5,600. శనివారం సాయంత్రం మిగిలింది 2,000. అంటే వాడింది 5,400. పంపిన 120 క్యారియర్లతో భాగిస్తే 45. వండినదాన్ని కాక, పంపినదాన్నే లెక్కపెట్టాలి సుమా! మిగిలిపోయి పారబోసిన కూర ఖర్చు కూడా అందులోనే వస్తుంది.

సంక్రాంతికి పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతారు. ఆరు రోజులు పొయ్యి వెలగకపోయినా అద్దె ఆగదు. ఆ నెల మిగిలిన 20 రోజుల్లో రోజుకు 35 పోతేనే 700.

ఇందులో ఆవిడ పొద్దున్నే లేచి చేసే చాకిరీకి పైసా కూడా వేసుకోలేదు. నెలకు 9,000 తనకంటూ రావాలంటే 21,000కు దాన్నీ కలిపి 30తో భాగించాలి. 1,000 క్యారియర్లు, అంటే రోజుకు 39.