రీడ్-ఓన్లీ అయిన ఎస్ఎస్‌డీ: ముందు కాపీ, తర్వాతే రీస్టార్ట్

ఎస్ఎస్‌డీలు ఎంత రాస్తే చచ్చిపోతాయో చూద్దామని ‘ది టెక్ రిపోర్ట్’ అనే అమెరికా వెబ్ పత్రిక 2013లో ఒక పరీక్ష మొదలుపెట్టింది. 6 డ్రైవ్‌లను వరసగా పెట్టి, అవి పనిచేయడం మానేసేదాకా డేటా రాస్తూనే పోయింది. వాటిలో ఇంటెల్ 335 సిరీస్ డ్రైవ్ ఒకటి. రోజుకు 20 గిగాబైట్ల చొప్పున మూడేళ్లు, అంటే 22 టెరాబైట్ల దాకా దానికి కంపెనీ భరోసా. పరీక్షలో మాత్రం అది 700 టెరాబైట్లు దాటేదాకా నిలిచింది. ఆ తర్వాత రాతను ఆపేసి రీడ్-ఓన్లీ స్థితికి వెళ్లింది. అసలు పాఠం అక్కడే ఉంది. ఒకసారి కరెంటు తీసి మళ్లీ ఇచ్చేసరికి ఆ డ్రైవ్ పూర్తిగా మూగబోయింది, అందులోని డేటా ఇక అందలేదు. ఇది ప్రమాదవశాత్తూ జరిగింది కాదు. ఆయుష్షు తీరాక అలాగే నడుచుకునేలా కంపెనీ దాన్ని తయారుచేసింది.

అన్ని డ్రైవ్‌లూ ఇలా చేయవు. చాలావాటిని రీడ్-ఓన్లీ అయ్యాక కూడా మళ్లీ మళ్లీ ఆన్ చేసి చదువుకోవచ్చు. చిక్కేమిటంటే, మన చేతిలో ఉన్నది ఏ రకమో పెట్టె మీద రాసి ఉండదు. కాబట్టి ‘రాయడం కుదరదు, చదవడం కుదురుతుంది’ అన్న స్థితిని డేటా భద్రంగా ఉందనడానికి గుర్తుగా తీసుకోకూడదు. కాపీ చేసుకోవడానికి డ్రైవ్ ఇచ్చిన చివరి గడువది. అది ఎంతసేపో ఎవరూ చెప్పలేరు.

రాత ఎందుకు ఆగుతుంది?

ఎస్ఎస్‌డీలోని ఫ్లాష్ మెమరీలో డేటా నిలిచేది సెల్స్‌లో బంధించిన విద్యుదావేశం రూపంలో. పాత డేటా తీసి కొత్తది రాయాలంటే ముందు ఒక బ్లాకు మొత్తాన్ని చెరపాలి. చెరిపిన ప్రతిసారీ సెల్స్‌లోని సన్నని పొర కాస్త అరుగుతుంది. అరిగిపోయిన బ్లాకుల స్థానంలో వాడుకోవడానికి డ్రైవ్ లోపలే కొన్ని అదనపు బ్లాకులు ఉంటాయి. ఆ నిల్వ కూడా అడుగంటితే కొత్త రాతకు నమ్మకమైన చోటు ఉండదు. అప్పుడు డ్రైవ్‌లోని కంట్రోలర్ రాతను నిలిపేస్తుంది. ఉన్న డేటాను పాడుచేసుకోవడం కన్నా కొత్తది తీసుకోకపోవడమే మేలన్నది దాని లెక్క.

మరి చదవడం కూడా ఎందుకు ప్రమాదంలో పడుతుంది? ఏ ఫైలు ముక్క ఏ బ్లాకులో ఉందో చెప్పే పట్టిక ఒకటి డ్రైవ్ లోపల ఉంటుంది. అదీ ఫ్లాష్‌లోనే ఉంటుంది. కరెంటు వచ్చిన ప్రతిసారీ కంట్రోలర్ ఆ పట్టికను మళ్లీ సిద్ధం చేసుకోవాలి. కొన్ని డ్రైవ్‌లు ఆ సమయంలో తమ సొంత లెక్కలు కొన్ని రాసుకుంటాయి కూడా. రాసే చోటే లేనప్పుడు ఆ మొదటి అడుగులోనే తడబడితే, సెల్స్‌లో డేటా చెక్కుచెదరకుండా ఉన్నా దాన్ని చేరే దారి మూసుకుపోతుంది. అందుకే పనిచేస్తున్న రీడ్-ఓన్లీ డ్రైవ్‌ను ‘ఒకసారి ఆపి చూద్దాం’ అనడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

ఒక దుకాణం లెక్క

ఒక బట్టల దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. కౌంటర్ మీద ఒక కంప్యూటర్, అందులో 512 గిగాబైట్ల ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. అమ్మకాల లెక్కలు అందులోనే, 4 సీసీ కెమెరాల రికార్డింగూ అందులోనే. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపితే, నాలుగూ కలిసి సెకనుకు 2 మెగాబైట్లు. రోజంతా కలిపితే దాదాపు 173 గిగాబైట్లు. డ్రైవ్‌కు కంపెనీ ఇచ్చిన రాత పరిమితి 300 టెరాబైట్లు అనుకుంటే, నాలుగేళ్ల తొమ్మిది నెలల్లో అది పూర్తవుతుంది. లెక్కలు రాసుకోవడానికి మాత్రమే వాడి ఉంటే ఇదే డ్రైవ్ కంప్యూటర్ కన్నా ఎక్కువ కాలం బతికేది.

ఐదో ఏడు నిండబోతుండగా ఒకరోజు రికార్డింగ్ ఆగిపోతుంది. బిల్లు సేవ్ కాదు. ‘The disk is write protected’ అని విండోస్ చెబుతుంది. కొన్నిసార్లు తంతు ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఫైలు తీసేస్తే పోయినట్టే కనిపించి, కాసేపటికి మళ్లీ ప్రత్యక్షమవుతుంది. మార్పు మెమరీలోనే జరిగింది గానీ డ్రైవ్ మీదకు ఎక్కలేదన్నమాట.

ఇది సాఫ్ట్‌వేర్ తగాదానా, డ్రైవ్ ఆయుష్షు తీరడమా అన్నది డ్రైవ్ నివేదికే చెబుతుంది. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫోను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు, ఎందుకంటే పాత డ్రైవ్ మీద ఇన్‌స్టాల్ చేయడం ఎలాగూ కుదరదు. లినక్స్‌లో అయితే ఈ ఆదేశం:

```
smartctl -a /dev/nvme0
```

మన దుకాణం డ్రైవ్‌లో ఇలా కనిపించిందనుకుందాం:

```
Critical Warning:            0x09
Available Spare:             8%
Available Spare Threshold:   10%
Percentage Used:             104%
Data Units Written:          612,000,000
```

చివరి వరసలో ఒక్కో యూనిట్ 5,12,000 బైట్లు. గుణిస్తే 313 టెరాబైట్లు, అంటే పరిమితి దాటింది. అయితే Percentage Used 100 దాటినంత మాత్రాన డ్రైవ్ చచ్చిపోదు. అది కంపెనీ అంచనాతో పోల్చిన శాతం మాత్రమే. అసలు తీర్పు మొదటి వరసలో ఉంది. అక్కడి 9లో 1 అంటే అదనపు బ్లాకులు హద్దు కన్నా తగ్గాయని, 8 అంటే డ్రైవ్ రీడ్-ఓన్లీ అయిందని. రెండూ కలిస్తే 9. ఈ చోట 0 ఉంటే కారణం వేరేచోట వెతకాలి. సాటా డ్రైవ్‌లలో మాత్రం ఈ వరస ఉండదు, ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో అరుగుదల చూపిస్తుంది.

వయసు మీద పడకుండానే ఈ స్థితి రావచ్చు కూడా. శామ్‌సంగ్ 980 ప్రో 2 టెరాబైట్ల డ్రైవ్‌లు కొన్ని 3B2QGXA7 అనే ఫర్మ్‌వేర్ లోపం వల్ల అకాలంగా రీడ్-ఓన్లీ అయిన సంగతి 2023 ఆరంభంలో బాగా వెలుగులోకి వచ్చింది. తర్వాతి ఫర్మ్‌వేర్ మంచి డ్రైవ్‌లను కాపాడింది గానీ, అప్పటికే బిగుసుకుపోయిన వాటిని తిరిగి తేలేకపోయింది.

కాపీ వరస

కంప్యూటర్ ఇంకా నడుస్తూ ఉంటే మొదటి నియమం ఒక్కటే: రీస్టార్ట్ వద్దు, షట్‌డౌన్ వద్దు. chkdsk లాంటి మరమ్మతులూ వద్దు. అవి బాగుచేసేదే డ్రైవ్ మీద రాసి, ఆ రాతే ఇప్పుడు కుదరదు. డ్రైవ్‌ను విప్పి యూఎస్‌బీ డబ్బాలో పెట్టడమూ తొందరపాటే, ఎందుకంటే దానికీ కరెంటు తీయాలి.

వెంటనే ఒక బయటి డ్రైవ్ తగిలించి, ముందు పోతే తిరిగిరాని వాటిని తీసుకోవాలి. మన దుకాణంలో అయితే లెక్కల ఫోల్డర్. రికార్డింగుల సంగతి తర్వాత. మామూలు కాపీ ఒక ఫైలు దగ్గర తప్పు వస్తే ఆగి కూర్చుంటుంది. రోబోకాపీ నయం, కానీ దానికీ ఒక మెలిక ఉంది. ఏమీ చెప్పకపోతే చదవలేని ఒక్క ఫైలు కోసం అది 30 సెకన్లకోసారి 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. దాన్ని ఇలా కట్టడి చేయాలి:

```
robocopy C:\Accounts E:\Accounts /E /R:1 /W:1 /LOG:E:\copy.txt
```

ఇందులో లాగ్ ఫైలు కూడా కొత్త డ్రైవ్ మీదకే వెళ్తోందని గమనించండి. ఏ ఫైలు రాలేదో అందులో దొరుకుతుంది.

విండోస్ కూడా అదే డ్రైవ్ మీద ఉంటే ఎక్కువసేపు నిలబడకపోవచ్చు. అది తనకోసం ఏదో ఒకటి రాస్తూనే ఉండాలి మరి. నీలి తెర వచ్చి కంప్యూటర్ తానే ఆగిపోతే, మళ్లీ మళ్లీ విండోస్‌ను బూట్ చేయబోకుండా సిస్టమ్‌రెస్క్యూ లాంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడపాలి. డ్రైవ్ కనిపిస్తే ఇప్పుడు ఫైళ్ల వారీగా కాకుండా మొత్తం డ్రైవ్‌కు నకలు తీయాలి. దానికి డీడీరెస్క్యూ ఉంది:

```
ddrescue -d -n /dev/nvme0n1 /mnt/new/old.img /mnt/new/old.map
ddrescue -d -r2 /dev/nvme0n1 /mnt/new/old.img /mnt/new/old.map
```

మొదటి ఆదేశం తేలిగ్గా వచ్చేదంతా తీసేసుకుంటుంది, మొరాయించే చోట్ల దగ్గర కాలయాపన చేయదు. రెండోది మిగిలిన చోట్లకు తిరిగి వెళ్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో old.map ఫైలు గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, మధ్యలో ఆగినా మొదటికి రాదు. నకలు పెట్టే డ్రైవ్‌లో పాత డ్రైవ్ మొత్తం పరిమాణమంత ఖాళీ ఉండాలి. అది ఎఫ్ఏటీ32 అయితే 4 గిగాబైట్ల దగ్గరే ఆగిపోతుంది. ఆదేశంలో పాత డ్రైవ్ పేరు, కొత్త దాని పేరు తారుమారు కాకుండా ముందు lsblkతో పరిమాణాలు చూసి నిర్ధారించుకోవాలి.

నకలు చేతికి వచ్చాక మరమ్మతులన్నీ దాని మీదే, అదీ ఇంకో ప్రతి తీసిపెట్టుకున్నాకే. ఫైల్‌సిస్టమ్ కాస్త గందరగోళంగా కనిపించడం సహజం, ఎందుకంటే రాత ఆగిన క్షణంలో చేతిలో ఉన్న పని సగంలోనే తెగిపోయింది. ఆఖరి బిల్లులు కొన్ని దొరకకపోవచ్చు. బిట్‌లాకర్ ఉన్న డ్రైవ్ అయితే రికవరీ కీ లేనిదే నకలు వల్ల ప్రయోజనం ఉండదు. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మనం అడగకుండానే డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి, ఆ కీ ఎక్కడుందో ఈరోజే చూసి కాగితం మీద రాసిపెట్టుకోవడం మంచిది.

బీరువాలో పెడితే?

డేటా అందులోనే ఉంది కదా, తీరిక ఉన్నప్పుడు చూద్దామని డ్రైవ్‌ను బీరువాలో పెట్టేవాళ్లున్నారు. అరిగిన సెల్స్ కరెంటు లేకుండా ఆవేశాన్ని ఎక్కువ కాలం పట్టి ఉంచలేవు. ఈ రంగంలో ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ, రాత పరిమితి పూర్తయిన ఇంటి వాడకం డ్రైవ్ 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటా నిలపాలని చెబుతోంది. వేడి పెరిగేకొద్దీ ఆ కాలం తగ్గుతుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో గది వేడి ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు.

కాపీ పూర్తయి, ఫైళ్లు తెరిచి చూసుకున్నాక చివరి సమస్య మిగులుతుంది. రాయలేని డ్రైవ్‌ను చెరపడమూ సాధారణంగా కుదరదు. ఫార్మాట్ చేసినా లోపల లెక్కలు, ఫొటోలు, ఖాతాదారుల వివరాలు అలాగే ఉంటాయి. వారంటీ కింద తిరిగి ఇస్తే అవీ దానితోపాటే వెళ్తాయి. ఎన్‌క్రిప్ట్ చేయని డ్రైవ్ అయితే చిప్‌లను పగలగొట్టడమే దారి.

ఎన్ని టెరాబైట్లు రాయొచ్చో కంపెనీలు వారంటీ పత్రంలో పెద్ద అక్షరాల్లో చెబుతున్నాయి. ఆ హద్దు దాటాక డ్రైవ్ ఏం చేస్తుంది, రీడ్-ఓన్లీ అయితే రీస్టార్ట్ తర్వాత కూడా చదవనిస్తుందా అన్న ఒక్క వాక్యం మాత్రం అక్కడ దొరకదు. కొనేవాళ్లకు అన్నిటికన్నా అక్కరకొచ్చే వాక్యం అదే. దాన్ని పెట్టె మీద ముద్రించడం తప్పనిసరి చేయాలి. అది వచ్చేదాకా రీడ్-ఓన్లీ అయిన ప్రతి డ్రైవ్‌నూ మరోసారి ఆన్ కాదన్నట్టుగానే చూడాలి.